కోచింగ్ ఫీజు వెనక్కి రాదా? కోర్టులో నిలిచే షరతులు, నిలవనివి

నీట్ లాంగ్‌టర్మ్‌లో చేరిన పిల్లవాడికి రెండో విడత కౌన్సెలింగ్‌లో సీటు వస్తుంది. లేదంటే ఆరోగ్యం సహకరించదు, పాఠాలు నచ్చవు. కారణం ఏదైనా, తండ్రి వెళ్లి మిగిలిన ఫీజు అడిగితే కౌంటర్‌లో ఉన్నవాళ్లు రసీదు వెనక ఉన్న ఒక వాక్యం చూపిస్తారు: ఒకసారి చెల్లించిన ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు. చాలామంది అక్కడితో ఆశ వదులుకుని ఇంటికి వెళ్లిపోతారు. ఇంకొందరు పూర్తి డబ్బు వచ్చి తీరుతుందని పట్టుబట్టి కేసు వేసి, చివరికి నిరాశపడతారు. చట్టం ఈ రెండు అభిప్రాయాల మధ్య ఉంటుంది. కాగితం మీద ఏం రాసుకున్నారన్న ప్రశ్నతో అది ఆగదు. ఎంత సేవ అందింది, సంస్థకు నిజంగా ఎంత నష్టం వచ్చింది అని కూడా అడుగుతుంది.

అపోహ: సంతకం పెట్టాం కాబట్టి ఇక అడిగే హక్కు లేదు.

వాస్తవం: సంతకానికి విలువ ఉంది. అయితే సంతకం చేసిన ప్రతి షరతునూ కోర్టు అమలు చేయదు. భారత ఒప్పంద చట్టం (1872) 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పినవారు ఇంత చెల్లించాలని ముందే రాసుకున్నా, రెండోవారికి దక్కేది సహేతుకమైన పరిహారం మాత్రమే. రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి అవుతుందే గానీ, దానంతటదే హక్కు అయిపోదు. కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసులో (2015) సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని మరింత స్పష్టం చేసింది. నష్టాన్ని లెక్కగట్టి నిరూపించే వీలున్నప్పుడు నిరూపించాల్సిందే, నష్టమే లేనప్పుడు డబ్బు అట్టిపెట్టుకోవడం కుదరదు అని చెప్పింది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. సంస్థకు కలిగిన నష్టంతో ఏమాత్రం పొంతన లేని జరిమానా వేసే ఒప్పందాన్ని అది అన్యాయమైన ఒప్పందంగా గుర్తించింది. రెండు నెలలు చదివిన విద్యార్థి నుంచి తీసుకున్న పది నెలల ఫీజు ఉంచుకోవడం ఆ నిర్వచనానికి చాలా దగ్గరగా ఉంటుంది. ఈ చట్టం రాకముందే, సెహగల్ స్కూల్ ఆఫ్ కాంపిటీషన్ కేసులో (2009), ఫిట్‌జీ కేసులో (2011) జాతీయ వినియోగదారుల కమిషన్ విద్యార్థుల పక్షాన నిలిచింది. కోర్సు మొత్తం ఫీజు ఒకేసారి వసూలు చేసి, మధ్యలో మానేస్తే మిగిలింది ఇవ్వననడాన్ని అది సమర్థించలేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒప్పందంలోని షరతు అన్యాయమైనదని, అది చెల్లదని ప్రకటించే అధికారాన్ని 2019 చట్టం జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు. రాష్ట్ర కమిషన్‌కు, జాతీయ కమిషన్‌కు ఇచ్చింది. అందుకే జిల్లా కమిషన్‌కు వెళ్లేవారు షరతును కొట్టివేయమని అడగకుండా, అందని సేవకు డబ్బు ఉంచుకోవడం సేవా లోపమని, అనుచిత వ్యాపార పద్ధతి అని ఫిర్యాదు రాసుకుని డబ్బు ఇప్పించమని కోరడం మేలు.

అపోహ: కోర్టుకు వెళ్తే కట్టిన ఫీజంతా వెనక్కి వస్తుంది.

వాస్తవం: విద్యార్థి తన కారణంతో మానేసినప్పుడు పూర్తి ఫీజు రావడం అరుదు. వాడుకున్న సేవకు డబ్బు ఇవ్వాల్సిందే. ఒక ఉదాహరణ తీసుకుందాం. పది నెలల లాంగ్‌టర్మ్‌కు కోచింగ్ ఫీజు 1,20,000 రూపాయలు. అందులో రిజిస్ట్రేషన్ 5,000, పుస్తకాలు, టెస్టులకు 15,000, బోధనకు 1,00,000. దీనిపై 18 శాతం జీఎస్టీ 21,600. హాస్టల్, మెస్ కలిపి 90,000, దానికి పన్ను లేదనుకుందాం. మొత్తం 2,31,600 రూపాయలు ముందే కట్టారు. రెండు నెలలకు సీటు వచ్చి విద్యార్థి వెళ్లిపోయాడు.

సంస్థ ఉంచుకోదగినవి ఇవి. రిజిస్ట్రేషన్ 5,000 సమంజసమైన మొత్తం కాబట్టి అది నిలుస్తుంది. పుస్తకాలన్నీ ఇచ్చేసి ఉంటే, ఆ 15,000 కూడా సంస్థకే చెందుతుందని వాదించవచ్చు. రెండు నెలల బోధనకు 20,000. మొత్తం 40,000, దానిపై జీఎస్టీ 7,200. రెండు నెలల హాస్టల్ 18,000. అన్నీ కలిపితే 65,200. మిగిలిన 1,66,400 రూపాయలు విద్యార్థికి రావాలి. హాస్టల్ ఖాళీ చేయడానికి నెల ముందు చెప్పాలన్న షరతు ఉంటే మరో 9,000 తగ్గవచ్చు. అది సహేతుకమైన షరతే, ఎందుకంటే గదిని ఇంకొకరికి ఇవ్వడానికి కొంత సమయం పడుతుంది. కమిషన్లు ప్రతిసారీ ఇలా పైసలతో సహా లెక్క వేయవు. కొంత తగ్గించి ఒక ఉజ్జాయింపు మొత్తం ఇప్పించడం కూడా ఉంది. కానీ వాదన నడవాల్సింది ఈ లెక్క మీదే.

జీఎస్టీ ప్రభుత్వానికి కట్టేశాం, అది రాదు అనే మాట కూడా వింటుంటాం. ఫీజు తిరిగి ఇచ్చినప్పుడు సంస్థ క్రెడిట్ నోట్ జారీ చేసి ఆ పన్నును తన లెక్కల్లో సర్దుబాటు చేసుకోవచ్చు. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 లోపు రిటర్నులో చూపాలి. కాబట్టి అడగడంలో ఆలస్యం చేయకూడదు.

తప్పు సంస్థదైతే లెక్క మారుతుంది. ప్రకటనలో చూపిన అధ్యాపకులు రాకపోవడం, బ్రాంచి మూసేసి దూరంగా ఉన్న మరో బ్రాంచికి పొమ్మనడం, బ్యాచ్ మొదలే కాకపోవడం వంటివి జరిగితే రిజిస్ట్రేషన్ సొమ్ముతో సహా అడగవచ్చు, పరిహారమూ కోరవచ్చు. అయితే పాఠాలు బాగాలేవు అనే మాట ఒక్కటే చాలదు. అప్పట్లోనే రాసిన ఈమెయిల్, టైమ్ టేబుల్, జరగని క్లాసుల తేదీలు చూపించాలి. ఏడెనిమిది నెలలు మౌనంగా చదివి, పరీక్ష దగ్గరపడ్డాక నాణ్యత లేదని ఫిర్యాదు చేస్తే కమిషన్ నమ్మడం కష్టం.

అపోహ: సీటు ఖాళీగా మిగిలింది కాబట్టి ఫీజంతా సంస్థకే చెందుతుంది.

వాస్తవం: సంస్థల బలమైన వాదన ఇదే. కొన్ని సందర్భాల్లో ఇందులో నిజం కూడా ఉంటుంది. 30 మందికే పరిమితమైన ప్రత్యేక బ్యాచ్, ప్రవేశ పరీక్ష పెట్టి ఎంపిక చేసిన విద్యార్థులు, కోర్సు మధ్యలో కొత్తవారిని తీసుకునే వీలు లేకపోవడం వంటివి చూపిస్తే కమిషన్ కొంత ఎక్కువ సొమ్ము ఉంచుకోనివ్వవచ్చు. కానీ మెడికల్ కాలేజీకి ఉన్నట్టు కోచింగ్ సెంటర్‌కు ప్రభుత్వం మంజూరు చేసిన సీట్ల సంఖ్య ఉండదు. హాల్లో ఇంకో బెంచీ వేస్తే ఇంకో విద్యార్థి కూర్చుంటాడు. కౌన్సెలింగ్ ముగిశాక కూడా చాలా చోట్ల లాంగ్‌టర్మ్ ప్రవేశాలు జరుగుతూనే ఉంటాయి. నష్టం జరిగిందనేది సంస్థ కాబట్టి, బ్యాచ్ బలం ఎంత, మీరు మానేశాక ఎంతమంది చేరారు అన్న రికార్డులు చూపించమని కమిషన్‌ను కోరండి. మీరు మానేసిన తర్వాత వచ్చిన ప్రవేశాల ప్రకటనను దాచుకుంటే అది మంచి ఆధారం అవుతుంది.

అపోహ: చదువు విషయంలో వినియోగదారుల కమిషన్ జోక్యం చేసుకోదు.

వాస్తవం: కాలేజీలు, యూనివర్సిటీల విషయంలో ఈ మాటకు ఆధారం ఉంది. వినాయక మిషన్ యూనివర్సిటీ కేసులో 2020 జనవరి 20న జాతీయ కమిషన్ విస్తృత ధర్మాసనం విద్యాసంస్థలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని తేల్చింది. కానీ అదే తీర్పులో కోచింగ్ సెంటర్లు నిర్వచనం ప్రకారం విద్యాసంస్థలు కావని, వాటి సేవా లోపాలపై కమిషన్లకు వెళ్లవచ్చని స్పష్టంగా చెప్పింది.

మన రాష్ట్రాల్లో అసలు చిక్కు ఇంటర్‌తో కలిపి కోచింగ్ ఇచ్చే కార్పొరేట్ జూనియర్ కాలేజీల దగ్గర వస్తుంది. ఒకే ఫీజు, ఒకే రసీదు ఉంటే సంస్థ తాను కాలేజీనని వాదిస్తుంది. అందుకే చేరే రోజే ఇంటర్ ఫీజు ఎంత, జేఈఈ లేదా నీట్ కోచింగ్ ఫీజు ఎంత, హాస్టల్ ఫీజు ఎంత అని విడివిడిగా రసీదులు అడగాలి. కోచింగ్ భాగానికి జీఎస్టీ వేసి ఉంటే, అది బోర్డు చదువుకు బయటి సేవ అని వాదించడానికి ఆ రసీదు ఉపయోగపడుతుంది.

అపోహ: పది రోజుల్లో ఫీజు వెనక్కి ఇవ్వాలని కేంద్రం చట్టం చేసింది.

వాస్తవం: కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చినవి మార్గదర్శకాలు. పూర్తి ఫీజు కట్టి మధ్యలో మానేసిన విద్యార్థికి మిగిలిన కాలానికి దామాషా ప్రకారం పది రోజుల్లో ఫీజు తిరిగి ఇవ్వాలని, హాస్టల్, మెస్ ఫీజుకూ అదే వర్తిస్తుందని వాటిలో ఉంది. రాష్ట్రాలు వీటిని తమ చట్టాల్లోకి తెచ్చుకున్నప్పుడే నేరుగా అమలు చేయించవచ్చు. అయినా న్యాయమైన పద్ధతి ఏదో ప్రభుత్వమే చెప్పిందని కమిషన్ ముందు చూపించడానికి ఇవి పనికొస్తాయి. యూజీసీ ఫీజు వాపసు నిబంధనలు మాత్రం ఉన్నత విద్యాసంస్థల కోసం చేసినవి. కోచింగ్ సెంటర్ మీద వాటిని చూపిస్తే వాదన బలహీనపడుతుంది.

అపోహ: ఫారంలో ఢిల్లీ కోర్టు, ఆర్బిట్రేషన్ అని ఉంది కాబట్టి ఇక్కడ కేసు వేయలేం.

వాస్తవం: వేయవచ్చు. ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేసే హక్కును 2019 చట్టం ఇచ్చింది. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా వినియోగదారుడు కమిషన్‌కు వెళ్లకుండా అది ఆపలేదని ఎమ్మార్ ఎంజీఎఫ్ వ్యవహారంలో సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఒంగోలులో ఉండే కుటుంబం ఒంగోలులోనే ఫిర్యాదు చేయవచ్చు.

అపోహ: వచ్చే డబ్బు కంటే కేసు ఖర్చే ఎక్కువ.

వాస్తవం: చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు ఫీజు లేదు. లాయర్ లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. చేయాల్సిన పనులు ఒక వరుసలో జరగాలి. మానేస్తున్న రోజే తేదీ, కారణం రాసి ఈమెయిల్ పంపండి. నోటిమాటగా చెప్పి ఊరుకుంటే, ఆ తర్వాత నెలల్లో కూడా విద్యార్థి రోల్స్‌లో ఉన్నాడని సంస్థ అంటుంది. ఐడీ కార్డు, వాడని పుస్తకాలు అప్పగించి రసీదు తీసుకోండి. పైన చూపినట్టు లెక్క వేసి, 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. చాలా వివాదాలు అక్కడే రాజీతో ముగుస్తాయి. కాకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు దాఖలు చేయండి. వివాదం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లే గడువు, కాబట్టి రేపు మాపు అనే హామీలను నమ్మి కాలం పోగొట్టుకోవద్దు.

రెండు జాగ్రత్తలు. ఫీజును ఫైనాన్స్ కంపెనీ రుణంగా ఇచ్చి ఉంటే, కోచింగ్ మానేశామని ఈఎంఐ ఆపేయకండి. ఆ రుణం వేరే ఒప్పందం, ఆపితే మీ క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. రుణం రద్దు చేయమని సంస్థకూ ఫైనాన్స్ కంపెనీకీ ఒకేసారి రాయండి. ఇక సంస్థ కొంత డబ్బు ఇచ్చి, ఇంకేమీ రావాల్సింది లేదు అన్న కాగితం ముందు పెడితే, ఆ మొత్తం మీకు సమ్మతమైతేనే సంతకం చేయండి. ఇష్టపూర్వకంగా రాసిచ్చిన ఆ సంతకాన్ని తర్వాత కాదనడం చాలా కష్టం.