లోపలి మూలలోనే అసలు పనితనం

వెనక మూత స్థానంలో అద్దం బిగించిన వాచీలు ఇప్పుడు అందుబాటు ధరల్లోనూ దొరుకుతున్నాయి. తిప్పి చూస్తే లోపలి యంత్రం, అంటే మూవ్‌మెంట్, కనిపిస్తుంది. దాని మీద మెరిసే చారలు చూసి ఇదంతా చేతిపని అనుకుంటాం. చాలాసార్లు అది నిజం కాదు.

చక్రాలను పట్టి ఉంచే లోహపు పలకలను బ్రిడ్జిలంటారు. వాటి మీద అలల్లా సమాంతరంగా సాగే చారలే జెనీవా గీతలు. అడుగు పలక మీద ఒకదాన్నొకటి సగం కప్పుతూ వరసగా ఉండే చిన్న గుండ్రటి గుర్తులు పెర్లాజ్. తిరిగే పుల్లలాంటి పనిముట్టు కొసన రాపిడి పదార్థం పెట్టి, ఒక్కో చోట తాకించి వీటిని వేస్తారు. మంచి పనివాడి చేతిలో రెండూ అందంగానే వస్తాయి. కాకపోతే రెండింటినీ యంత్రం వేలకొద్దీ వేసేయగలదు.

యంత్రానికి పూర్తిగా లొంగనిది బ్రిడ్జి అంచు. అంచును సుమారు 45 డిగ్రీల వాలుకు చెక్కి అద్దంలా మెరిపించడాన్ని ఆంగ్లాజ్ అంటారు. ముందు ఆకురాయితో వాలు తీస్తారు, తర్వాత సన్నటి సానరాళ్లతో గీతలు పోగొడతారు. చివరికి జెన్షియన్ మొక్క ఎండు కాడకు వజ్రపు పేస్టు పూసి రుద్దుతారు. ఒక్కసారి చెయ్యి జారితే పైనున్న జెనీవా గీతలు చెడతాయి.

అన్నిటికన్నా కష్టం లోపలికి తిరిగిన మూల. అక్కడ రెండు వాలులు కలిసి కత్తి మొనలాంటి గీత పడాలి. గుండ్రంగా తిరిగే పనిముట్టు ఆ మూల చివరిదాకా వెళ్లలేదు, దాని మందం మేరకు వంపు మిగిలిపోతుంది. కాబట్టి పదునైన లోపలి మూల కనిపిస్తే అక్కడ మనిషి చెయ్యి పడిందని నమ్మవచ్చు.

స్విట్జర్లాండ్‌లోని వాలే ద జూ లోయలో ఫిలిప్ డ్యూఫూర్ చేసిన 'సింప్లిసిటీ' వాచీకి ఇంత పేరు రావడానికి ఈ పనితనమే ప్రధాన కారణం. అది గంటలు, నిమిషాలు, సెకన్లు తప్ప ఇంకేమీ చూపదు. అయినా ఆ వరసలో ఒక వాచీ 2020లో జెనీవా వేలంలో 13 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటింది. చేసినవి చాలా తక్కువ కావడం కూడా ఆ ధరకు ఒక కారణం.

ఈ మెరుగుల వల్ల వాచీ సమయం మరింత కచ్చితంగా ఏమీ చూపదు. ఆ విషయంలో మామూలు క్వార్ట్జ్ వాచీదే పైచేయి. ఇక్కడ డబ్బు ఒక మనిషి ఆ అంచుల దగ్గర గడిపిన గంటలకే.

అందుకే చేతిపని అని చెప్పి ఎక్కువ ధర అడిగితే, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం అడిగి తీసుకోండి. వాచీని దీపం కింద మెల్లగా వంచుతూ, వాలు అంతటా ఒకే వెడల్పు ఉందా, మెరుపు తెగకుండా సాగుతోందా గమనించండి. తర్వాత లోపలి మూలలు వెతకండి. అన్నీ గుండ్రంగా ఉన్నాయంటే అది చెడ్డ వాచీ అని కాదు, కానీ ఆ ధర మాత్రం ఇవ్వకండి.