వరస మారిస్తే తేలే లెక్క

డబుల్ ఇంటిగ్రల్ అంటే సమాకలనం రెండు విడతలుగా చేయడం. ముందు లోపలిది, ఆ వచ్చినదానిమీద బయటిది. చాలాసార్లు సాఫీగా సాగిపోతుంది. కానీ ఈ లెక్క చూడండి:

```
∫₀¹ ∫ₓ¹ e^(y²) dy dx
```

లోపల y హద్దులు x నుంచి 1 వరకు, బయట x హద్దులు 0 నుంచి 1 వరకు. మొదటి మెట్టులోనే దారి మూసుకుపోతుంది. e^(y²)ని y పరంగా సమాకలనం చేస్తే వచ్చేదాన్ని మనకు తెలిసిన ఘాత, లాగ్, త్రికోణమితి ప్రమేయాలతో రాయలేం. ఎంత తెలివైన ప్రతిక్షేపణకూ లొంగదు. అలా రాయడం అసాధ్యమని 19వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త లియూవిల్ సిద్ధాంతంతో నిరూపించవచ్చు.

ఇక్కడ కలం పక్కన పెట్టి బొమ్మ గీయాలి. నా దృష్టిలో ఈ పద్ధతి మొత్తానికీ ప్రాణం ఆ బొమ్మే. y = x గీతకు పైన, y = 1 గీతకు కింద, నిలువు అక్షానికి కుడివైపున ఒక త్రిభుజం వస్తుంది. దాని మూలలు (0,0), (0,1), (1,1). ఇచ్చిన లెక్క ఈ త్రిభుజాన్ని నిలువు చీలికలుగా కోస్తోంది. దాన్నే అడ్డంగా కోద్దాం. y ఎత్తులో ఉన్న అడ్డచీలిక x = 0 దగ్గర మొదలై, y = x గీతను తాకేచోట, అంటే x = y దగ్గర ముగుస్తుంది. అలాంటి చీలికలు y = 0 నుంచి y = 1 వరకు ఉంటాయి:

```
∫₀¹ ∫₀ʸ e^(y²) dx dy
```

ఇప్పుడు లోపలి సమాకలనం x పరంగా. అందులో e^(y²) మారని సంఖ్యే కాబట్టి జవాబు y·e^(y²). మనకు కావలసిన y దానంతటదే వచ్చి చేరింది! t = y² అనుకుంటే మిగతాది ఒక్క పంక్తి. విలువ (e − 1)/2, సుమారు 0.859.

తప్పులు ఎక్కువగా హద్దుల దగ్గరే జరుగుతాయి. dx, dyలను తారుమారు చేసి హద్దులను అలాగే ఉంచితే చివరి జవాబులో x మిగిలిపోతుంది. రావలసింది సంఖ్య కాబట్టి ఆ తప్పు వెంటనే బయటపడుతుంది. గీతకు కింద ఉన్న త్రిభుజాన్ని తీసుకుంటే x హద్దులు y నుంచి 1 అవుతాయి, మళ్లీ అదే మొండి e^(y²) ఎదురవుతుంది. అనుమానమొస్తే x = 0.2, y = 0.7 బిందువును రెండు రకాల హద్దుల్లోనూ పెట్టి చూడండి. రెండింటిలోనూ లోపలే ఉండాలి. జవాబుకూ ఒక పరీక్ష ఉంది. త్రిభుజ వైశాల్యం 1/2, అందులో e^(y²) విలువ 1కీ eకీ మధ్య ఉంటుంది. కాబట్టి జవాబు 0.5కూ 1.36కూ మధ్య పడాలి.

అయితే వరస మార్చే హక్కు అన్నిచోట్లా ఉండదు. మన ప్రమేయం ఈ త్రిభుజమంతటా అవిచ్ఛిన్నం కాబట్టి భయం లేదు. (x² − y²)/(x² + y²)² అనే ప్రమేయాన్ని 0 నుంచి 1 వరకు ఉన్న చతురస్రం మీద తీసుకుంటే మాత్రం, ముందు y పరంగా చేస్తే π/4, ముందు x పరంగా చేస్తే −π/4 వస్తుంది. మూల బిందువు దగ్గర దాని ధన భాగం, రుణ భాగం రెండూ అనంతానికి పోవడమే ఇందుకు కారణం.