డాక్టరుకు మెసేజ్ రాస్తున్నారా?

మా ఆఫీసుకు రోజూ వచ్చే కంప్లైంట్ ఒకటుంది: "సిస్టమ్ పనిచేయడం లేదు." ఏ సిస్టమ్, ఎప్పట్నుంచి, ఏం చేస్తుండగా ఆగిపోయింది, ఆ వివరాలేవీ ఉండవు. అలాంటివి చూసి విసుక్కునే నేనే, మా డాక్టరుగారికి పేషెంట్ పోర్టల్‌లో అచ్చం అలాంటిదే రాశాను.

"కొన్నాళ్లుగా దగ్గు వస్తోంది, బీపీ మందు వల్లనేమో. మోకాలు కూడా నొప్పిగా ఉంది. ఏం చేయమంటారు?"

మూడో రోజు జవాబొచ్చింది: అపాయింట్‌మెంట్ తీసుకోండి.

కోపం వచ్చిన మాట నిజమే కానీ, తప్పు నాదే. ఇక్కడ అమెరికాలో చాలా క్లినిక్‌లలో మన మెసేజ్‌ని ముందు నర్సో, మెడికల్ అసిస్టెంటో చదువుతారు. డాక్టరు చూడాల్సినదైతేనే ఆయనకు పంపుతారు. ఆయన పేషెంటుకీ పేషెంటుకీ మధ్య దొరికిన రెండు నిమిషాల్లో చదువుతారు. నిర్ణయానికి కావలసిన వివరాలు అందులో లేకపోతే "వచ్చి కనపడండి" అనడమే ఆయనకు క్షేమం.

మోకాలి సంగతి వదిలేసి మళ్లీ రాశాను. సబ్జెక్ట్ లైన్‌లోనే ప్రశ్న పెట్టాను: "లిసినోప్రిల్ వల్ల దగ్గా? మందు మార్చాలా?" కింద ఇలా రాశాను:

"లిసినోప్రిల్ 10 మిల్లీగ్రాములు, రోజుకొకటి, మార్చి 3న మొదలుపెట్టాను. మార్చి 20 నుంచి పొడి దగ్గు, రాత్రి ఎక్కువ. జ్వరం, కఫం, ఆయాసం లేవు. పెదవులు, నాలుక, ముఖం వాయలేదు. ఈ వారం ఇంట్లో చూసుకున్న బీపీ 128/82 నుంచి 134/86 మధ్య ఉంది. మందు మానలేదు. వేరే మందులేవీ వాడడం లేదు. మార్చాలంటే నా పాత ఫార్మసీకే పంపండి."

ఈ రకం మందులు కొందరికి పొడి దగ్గు తెప్పిస్తాయని డాక్టర్లందరికీ తెలుసు. అందుకే తేదీలు ముఖ్యం. మందు ముందా, దగ్గు ముందా అన్నది వాటినిబట్టే తేలుతుంది. "లేవు" అని రాసినవీ అంతే ముఖ్యం, అవి రాయకపోతే నర్సు తిరిగి అడగాలి, అక్కడే మరో రెండు రోజులు పోతాయి. ఇండియా నుంచి తెచ్చుకున్న దగ్గు సిరప్ తాగుతుంటే దాని బ్రాండ్ పేరు రాస్తే లాభం లేదు, ఇక్కడివాళ్లకు అది తెలియదు. సీసా మీదున్న మందుల పేర్లు రాయండి. కొన్నింట్లో బీపీ పెంచేవి కూడా ఉంటాయి.

అయితే పెదవులో నాలుకో వాచినా, ఊపిరాడకపోయినా మెసేజ్ రాస్తూ కూర్చోకూడదు, వెంటనే 911కి ఫోన్ చేయాలి. ఇంకో మాట: డాక్టరు ఎక్కువ సమయం పెట్టాల్సిన మెసేజ్‌లకు కొన్ని ఆసుపత్రులు బిల్లు వేస్తాయి. పంపేముందు తెర మీద వచ్చే ఆ నోటీసు చదవకుండా నొక్కేయకండి.

మర్నాడే జవాబు వచ్చింది. లిసినోప్రిల్ ఆపి లోసార్టన్ 50 మిల్లీగ్రాములు మొదలుపెట్టమన్నారు, రెండు వారాల తర్వాత పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష చేయించుకోమన్నారు. దగ్గు పూర్తిగా తగ్గడానికి కొన్ని వారాలు పట్టొచ్చని కూడా రాశారు. నాకు మూడు వారాలు పట్టింది.

మోకాలికి మాత్రం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. దాన్ని చేత్తో వంచి చూడందే ఎవరూ ఏమీ చెప్పలేరు కదా!