షడ్భుజి నుంచి వృత్తం దాకా

వ్యాసాన్ని మూడుతో గుణిస్తే వృత్తం చుట్టుకొలత వచ్చేస్తుందని ప్రాచీన చైనాలో లెక్క కట్టేవారు. క్రీ.శ. 263లో లియు హుయి, ‘తొమ్మిది అధ్యాయాలు’ అనే గణిత గ్రంథానికి వ్యాఖ్య రాస్తూ, ఆ మూడు నిజానికి వృత్తం లోపలి షడ్భుజికి చెందినదని చూపించాడు.

వ్యాసార్ధం 1 ఉన్న వృత్తం గీసి, అందులో క్రమ షడ్భుజి ఇమడ్చండి. దాని ప్రతి భుజమూ 1 ఉంటుంది. ఇప్పుడు ప్రతి చాపానికీ నడిమధ్యన ఒక బిందువు పెట్టి, దాన్ని రెండు పక్కల ఉన్న శీర్షాలకు కలపండి. పన్నెండు భుజాలు వస్తాయి. కేంద్రం, పక్కపక్కనున్న రెండు పాత శీర్షాలు, వాటి నడుమ కొత్త బిందువు కలిస్తే గాలిపటంలాంటి చతుర్భుజం. దాని కర్ణాల్లో ఒకటి షడ్భుజి భుజం, రెండోది వ్యాసార్ధం. అవి లంబంగా ఖండించుకుంటాయి కాబట్టి వైశాల్యం వాటి లబ్ధంలో సగం, అంటే అర. అలాంటివి ఆరు ఉన్నాయి కనుక మొత్తం సరిగ్గా 3.

ఈ పద్ధతి ప్రతి మెట్టులోనూ పనిచేస్తుంది. పన్నెండు భుజాల ఆకారంలో ఒక్కో భుజం పైథాగరస్ సూత్రంతో 0.5176 వస్తుంది. అలాంటి పన్నెండు భుజాల పొడవు కూడి, వ్యాసార్ధంతో గుణించి, సగం చేస్తే 24 భుజాల ఆకారం వైశాల్యం: 3.1058. అక్కడి నుంచి 48కి 3.1326, 96కి 3.1394, 192కి 3.1410.

అంకెలు పెరుగుతూ ఒకచోట నిలదొక్కుకుంటున్నాయి. అంతమాత్రాన అవి వృత్తం దగ్గరికే చేరుతున్నాయని చెప్పలేం. అంచు దగ్గర కొంత వైశాల్యం ఎప్పటికీ మిగిలిపోవచ్చు కదా! అసలు నిరూపణ ఇక్కడే ఉంది. ఒక భుజానికీ దాని మీది చాపానికీ మధ్య మిగిలిన ముక్కను చూడండి. ఆ భుజం మీద, చాపాన్ని తాకేంత ఎత్తున దీర్ఘచతురస్రం గీస్తే ముక్క అందులో పూర్తిగా ఇమిడిపోతుంది. కొత్తగా చేరే త్రిభుజం ఆ దీర్ఘచతురస్రంలో సగం. కాబట్టి అది ముక్కలో సగానికి మించి ఆక్రమిస్తుంది. భుజాలు రెట్టింపైన ప్రతిసారీ మిగులు సగం కంటే తక్కువకు పడిపోతుంది గనుక మీరు ఎంత చిన్న సంఖ్య చెప్పినా, కొన్ని మెట్ల తర్వాత మిగులు దానికంటే చిన్నదవుతుంది. వృత్త వైశాల్యం ఈ బహుభుజుల వైశాల్యాలకు అవధి అనడానికి అర్థం ఇదే.

ఆ దీర్ఘచతురస్రాలే లియు హుయికి పై హద్దునూ ఇచ్చాయి. 96 నుంచి 192కి పెరిగిన 0.0017ను మరోసారి కలిపితే 3.1427. వృత్త వైశాల్యం 3.1410కీ 3.1427కీ మధ్య చిక్కింది.

మరో ఫలితం కూడా ఇందులోనే ఉంది. ప్రతి మెట్టులోనూ కొత్త వైశాల్యం పాత ఆకారం చుట్టుకొలతలో సగాన్ని వ్యాసార్ధంతో గుణించినంత. భుజాలు పెరిగేకొద్దీ ఆ చుట్టుకొలత వృత్త పరిధికి చేరుతుంది. అందుకే వృత్త వైశాల్యం పరిధిలో సగం, వ్యాసార్ధాల లబ్ధం. పరిధి సూత్రం 2πrలో కనిపించే π, వైశాల్య సూత్రం πr²లోనూ కనిపించడానికి కారణం ఇదే.