గంట దాటితే ఆట ఎందుకు మొరాయిస్తుంది?

రాత్రి తొమ్మిదింటికి హాయిగా పరుగెత్తిన ఆట పదకొండయ్యేసరికి అడుగడుగునా ఆగుతుంది. మూసి మళ్లీ తెరిస్తే బాగానే ఉంటుంది. దాంతో చాలామంది ‘మెమరీ లీక్’ అని తేల్చేస్తారు. ఆ ఒక్క ఆధారం చాలదు. ఆట మూసి, మంచినీళ్లు తాగి, కాసేపు ఫోన్ చూసుకుని వచ్చేలోగా లాప్‌టాప్ కూడా చల్లబడి ఉంటుంది. మరి బాగుచేసింది రీస్టార్టా, విరామమా?

కొత్త ప్రాంతాలకూ శత్రువులకూ శబ్దాలకూ ఆట విండోస్‌ను అడిగి మెమరీ తీసుకుంటుంది. పనయ్యాక తిరిగివ్వాలి. ప్రోగ్రాంలో లోపం వల్ల ఇవ్వకుండా పోగేసుకుంటే అదే లీక్. పెళ్లయిపోగానే టెంట్ హౌస్ వాళ్లు వచ్చి సామానంతా ఎత్తుకెళ్లినట్టు, ఆట మూయగానే అది తీసుకున్నదంతా విండోస్ వెనక్కి లాక్కుంటుంది. అందుకే అసలైన లీక్‌కు ఆటను రీస్టార్ట్ చేయడం బాగా పనిచేస్తుంది.

లీక్ ఉన్నా మెమరీ ఖాళీ ఉన్నంతసేపు వేగం పెద్దగా తగ్గదు. ర్యామ్ నిండి, విండోస్ డిస్క్ మీది పేజ్ ఫైల్‌ను వాడుకోవడం మొదలయ్యాకే కుదుపులు వస్తాయి. వేడి అలా కాదు. మొదటి పది, ఇరవై నిమిషాల్లోనే ప్రాసెసర్ తన వేగం తగ్గించుకుంటుంది, ఆ తర్వాత ఇంచుమించు అక్కడే నిలబడుతుంది. మే నెలలో విజయవాడలో, ఏసీ లేని గదిలో, లాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టుకుని ఆడేవాళ్లు ముందు దీన్నే అనుమానించాలి.

రెండింటినీ విడదీయడానికి రెండు పరీక్షలు చాలు. ఆట మందగించగానే మూసి, ఆలస్యం చేయకుండా వెంటనే తెరిచి అదే చోటికి వెళ్లండి. వేగం తిరిగొచ్చి చాలాసేపు నిలిస్తే తప్పు ఆటదయ్యే అవకాశం ఎక్కువ. రెండు మూడు నిమిషాల్లోనే మళ్లీ పడిపోతే వేడి. ఇంకోరోజు తిరగేసి చూడండి: ఆటను మూయకుండా పాజ్ చేసి, మినిమైజ్ చేసి, పావుగంట వదిలేయండి. కొన్ని ఆటలు పాజ్‌లోనూ గ్రాఫిక్స్ కార్డును పరుగులు పెట్టిస్తాయి కాబట్టి దాని వాడకం తగ్గిందో లేదో చూసుకోండి. విరామంతోనే వేగం వస్తే లీక్ కాదు.

ఇక అంకెలు. టాస్క్ మేనేజర్‌లో Details తెరిచి, కాలమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి, Select columns లోంచి Commit size చేర్చుకోండి. మామూలుగా కనిపించే మెమరీ అంకెను విండోస్ అవసరాన్నిబట్టి కత్తిరిస్తుంటుంది, అందుకే దాన్ని నమ్మలేం. 16 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ అనుకుందాం. ఆటలో ఒకే ఊరి చావడికి అరగంటకోసారి తిరిగొచ్చి అంకె రాసుకుంటే 6.2, 7.4, 7.8, 7.8 జీబీ వచ్చాయి. ఇది లీక్ కాదు, మళ్లీ పనికొస్తాయని కొన్ని దాచుకుంది, ఆగింది. అదే 6.2, 7.6, 9.0, 10.4 అంటూ ఎక్కడా ఆగకపోతే అనుమానం బలపడినట్టే. ఒకే చోటికి రావడం ముఖ్యం, కొత్త ప్రాంతంలో అంకె పెరగడం సహజం. పెద్ద గ్రాఫ్ చూసి భయపడేవాళ్లలో సగంమంది ఈ తేడా దగ్గరే పొరబడతారని నా అభిప్రాయం.

ఆట మూసినా కంప్యూటర్ మొత్తం నీరసంగానే ఉంటే కథ వేరు. టాస్క్ మేనేజర్‌లో Performance కింద Memory పేజీలో Non-paged pool అనే అంకె ఉంటుంది. సాధారణంగా అది కొన్ని వందల ఎంబీలే. అది జీబీల్లోకి వెళ్లి, ఆట మూశాక కూడా దిగకపోతే, లీకవుతున్నది ఏదో డ్రైవర్ అని అనుమానించాలి. నెట్‌వర్క్ డ్రైవర్‌తో మొదలుపెట్టి కొత్త వెర్షన్లు వేసి చూడండి. దీనికి ఆటను ఎన్నిసార్లు మూసి తెరిచినా లాభం లేదు, కంప్యూటర్‌నే రీస్టార్ట్ చేయాలి.

రీస్టార్ట్‌కు లొంగని జబ్బూ ఒకటుంది. 2011లో వచ్చిన స్కైరిమ్‌ను పీఎస్3 మీద ఆడినవాళ్లకు, సేవ్ ఫైల్ పెరిగేకొద్దీ ఆట నత్తనడక నడిచేది. ఆ యంత్రంలో ప్రధాన మెమరీ 256 ఎంబీ, గ్రాఫిక్స్‌కు మరో 256. బరువు సేవ్‌లోనే ఉన్నప్పుడు, మళ్లీ తెరవగానే అదీ వెనక్కి వస్తుంది. కొత్తగా మొదలుపెట్టిన ఆట బాగా నడిచి, పాత సేవ్ మాత్రమే ఈడిస్తే ఇదే కారణమని అనుమానించవచ్చు. ప్యాచ్ కోసం చూడటమే దారి.

చివరగా ఒక మాట. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్‌లో Shut down నొక్కినా కెర్నెల్, డ్రైవర్ల స్థితి డిస్క్‌లో భద్రమై మర్నాడు అలాగే లేస్తుంది. డ్రైవర్ లీక్ పోవాలంటే నొక్కాల్సింది Restart.