కప్పు మీద ఫ్యాన్, కింది గదిలో మోత

మేడ కప్పు మీద పెట్టిన ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్ చప్పుడు కింది గదికి రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి గాలి దారి. డక్టులోంచి, డక్టు కోసం శ్లాబులో వదిలిన ఖాళీల్లోంచి అది వస్తుంది. రెండోది కట్టడం దారి. ఫ్యాన్, మోటారు కంపనం యూనిట్ చట్రంలోకి, అక్కడి నుంచి శ్లాబులోకీ దూలాల్లోకీ దిగి, చివరకు కింది గది సీలింగునూ గోడలనూ మోగిస్తుంది. నిమిషానికి 900 చుట్లు తిరిగే ఫ్యాన్ కంపనం 15 హెర్ట్జ్. అది చెవికి అందదు, వణుకుగా ఒంటికి తెలుస్తుంది. ఆ ఫ్యాన్‌కు పది రెక్కలుంటే 150 హెర్ట్జ్ దగ్గర పుట్టే గుయ్‌మనే మోత మాత్రం చెవికి వినపడుతుంది. యూనిట్ కింద పెట్టే స్ప్రింగులు ఆపగలిగేది ఈ రెండో దారినే. మోత డక్టులోంచి వస్తుంటే ఎంత ఖరీదైన స్ప్రింగయినా పనికిరాదు.

స్ప్రింగు ఎంపికలో మొదట చూడవలసింది, యూనిట్ బరువుకు అది ఎన్ని మిల్లీమీటర్లు కుంగుతుందన్నది. 15.8ని ఆ కుంగుదల వర్గమూలంతో భాగిస్తే స్ప్రింగు మీద నిలిచిన యూనిట్ సహజ పౌనఃపున్యం హెర్ట్జ్‌లలో వస్తుంది. 25 మిల్లీమీటర్లు కుంగే స్ప్రింగుకు అది సుమారు 3.2. మూడు మిల్లీమీటర్లు కుంగే రబ్బరు ప్యాడ్‌కు సుమారు 9. కదిలేటప్పుడు రబ్బరు మరింత బిర్రుగా ఉంటుంది కనుక నిజానికి ఇంకా ఎక్కువే. ఫ్యాన్ కంపనం ఈ సంఖ్యకు కనీసం మూడు రెట్లు ఉంటేనే కంపనం చాలావరకు ఆగుతుంది. లెక్క ప్రకారం 15 హెర్ట్జ్ ఫ్యాన్ బలంలో స్ప్రింగు కిందికి వదిలేది 5 శాతం లోపే. రబ్బరు ప్యాడ్ సగానికి పైగా వదిలేస్తుంది.

ఇప్పటి యూనిట్లలో ఫ్యాన్ వేగాన్ని అవసరాన్ని బట్టి డ్రైవ్ మారుస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. రాత్రి చల్లదనం అవసరం తగ్గి అదే ఫ్యాన్ 540 చుట్లకు దిగిందనుకుంటే కంపనం 9 హెర్ట్జ్ అవుతుంది. సరిగ్గా రబ్బరు ప్యాడ్ సహజ పౌనఃపున్యం దగ్గరికి వచ్చి అనునాదం పుడుతుంది. ప్యాడ్ కంపనాన్ని ఆపడం మాని పెంచుతుంది. పగలు లేని వణుకు రాత్రి కింది పడకగదిలో మొదలవడానికి ఇదొక కారణం. 25 మిల్లీమీటర్ల స్ప్రింగయితే ఆ వేగంలోనూ 14 శాతమే కిందికి వెళ్తుంది. అందుకే లెక్క గరిష్ఠ వేగానికి కాక, ఫ్యాన్ నడిచే అతి తక్కువ వేగానికి కట్టాలి. కట్టిన తర్వాత చిక్కు బయటపడితే, ఆ వేగాన్ని దాటవేసేలా డ్రైవ్‌ను అమర్చవచ్చు.

పై లెక్కంతా కింద శ్లాబు కదలదన్న నమ్మకం మీద నిలిచింది. పొడవైన శ్లాబు నడిమధ్య యూనిట్ పెడితే శ్లాబే కొన్ని మిల్లీమీటర్లు వంగుతుంది. స్ప్రింగు కుంగుదల దానికి ఎన్నో రెట్లు ఉండకపోతే లెక్క తప్పుతుంది. వీలైతే స్తంభాల మీద ఆన్చిన ఉక్కు దూలాలపై యూనిట్‌ను నిలపడం మేలు.

బరువు పంపకం కూడా ముఖ్యమే. 1,200 కిలోల యూనిట్‌లో ఫ్యాన్ వైపు మూలలకు 400 కిలోల చొప్పున, కాయిల్ వైపు 200 చొప్పున పడుతుందనుకుందాం. నాలుగు మూలలకూ మిల్లీమీటరుకు 12 కిలోలు మోసే ఒకే రకం స్ప్రింగులు వేస్తే ఒకవైపు 33, ఇంకోవైపు 17 మిల్లీమీటర్లు కుంగి యూనిట్ ఒరుగుతుంది. ఫ్యాన్ వైపు 16 కిలోలవి, కాయిల్ వైపు 8 కిలోలవి వేస్తే అన్నీ 25 దగ్గర నిలుస్తాయి. బరువులో కాయిల్‌లోని నీటిని కూడా కలపాలి. ప్రతి స్ప్రింగు కింద రబ్బరు ఉండాలి, లేకపోతే పై పౌనఃపున్యాల మోత స్ప్రింగు తీగ వెంటే దిగుతుంది.

సరైన స్ప్రింగులు వేశాక కూడా మోత తగ్గలేదంటే ఎక్కడో ఇనుము ఇనుముకు ఆని ఉందన్నమాట. గాలికి యూనిట్ కదలకుండా పెట్టిన ఆపుడు బోల్టులను బిగించేయడం, రవాణా కోసం ఫ్యాన్‌కు కట్టిన బిగింపులు తీయకపోవడం, స్ప్రింగు కింద సిమెంటు పెళ్లలు ఇరుక్కోవడం, నీటి పైపును శ్లాబుకు నేరుగా బిగించడం, డక్టుకు కట్టిన క్యాన్వాస్ సాగి బిర్రుగా ఉండడం తరచూ కనిపించే లోపాలు. చేత్తో తోస్తే యూనిట్ మెల్లగా ఊగాలి. ఊగకపోతే అది స్ప్రింగుల మీద లేనట్టే. స్ప్రింగు ఎత్తును యూనిట్ ఎక్కించక ముందు, ఎక్కించాక కొలిస్తే అసలు కుంగుదల తేలుతుంది. ఫ్యాన్ ఆపగానే వేగం తగ్గుతూ ఒకచోట వణుకు ఒక్కసారిగా పెరిగితే, అనునాదం ఆ వేగం దగ్గరే ఉంది.

ఫ్యాన్, మోటార్లను లోపలే స్ప్రింగుల మీద నిలిపి వచ్చే యూనిట్లకు బయట మళ్లీ స్ప్రింగులు పెట్టే ముందు తయారీదారును అడగాలి. రెండు వరుసల స్ప్రింగులు కలిసి కొత్త అనునాదాన్ని తేవచ్చు. చాలా సందర్భాల్లో అక్కడ బయట రబ్బరు ప్యాడ్ చాలు.