అమ్మ మాత్రలో బిడ్డ వాటా ఎంత?

కాన్పయ్యాక రోజుల తరబడి కంటి మీద కునుకు లేక, గుండెదడతో సతమతమవుతున్న బాలింతకు డాక్టరు లోరాజెపామ్ రాశారనుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల నోట వెంటనే వచ్చే మాట: ‘‘అయితే బిడ్డకు పాలు మాన్పించెయ్’’. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ పాలలోకి మందు వస్తుందా అన్నది అసలు ప్రశ్న కాదు. దాదాపు ప్రతి మందూ ఎంతో కొంత వస్తుంది. ఎంత వస్తుంది, వచ్చింది బిడ్డ ఒంట్లో ఎన్నాళ్లు ఉంటుంది అన్నవే తేల్చుకోవాలి.

ఎంత అన్నదానికి ఓ చిన్న లెక్క ఉంది. రోజుకు 5 మిల్లీగ్రాముల లోరాజెపామ్ వేసుకున్న ఒక తల్లి పాలను పరీక్షిస్తే, లీటరుకు సుమారు 12 మైక్రోగ్రాముల మందు కనిపించింది. పాలు తాగే పసివాళ్లు కిలో బరువుకు రోజుకు 150 మిల్లీలీటర్లు తాగుతారని లెక్కేస్తారు. అంటే 3 కిలోల బిడ్డ 450 మిల్లీలీటర్లు తాగుతుంది. అందులో మందు 5.4 మైక్రోగ్రాములు, కిలోకు 1.8 మాత్రమే. తల్లి బరువు 60 కిలోలైతే ఆమె తీసుకున్నది కిలోకు 83 మైక్రోగ్రాములు. బిడ్డ వాటా అందులో నూటికి రెండు. ఈ వాటా నూటికి పది దాటకపోతే సాధారణంగా పాలివ్వవచ్చని వైద్యుల లెక్క.

అయితే పదిలోపు ఉంటే చాలని గుండెమీద చెయ్యి వేసుకోలేం. డయాజెపామ్ వాటా కూడా పదిలోపే ఉంటుంది. తేడా అంతా అది ఒంట్లోంచి పోయే వేగంలో ఉంది. లోరాజెపామ్ పెద్దవాళ్ల రక్తంలో సగానికి తగ్గడానికి పన్నెండు గంటలు చాలు. డయాజెపామ్‌కు ఒకటి రెండు రోజులు పడుతుంది. పైగా అది ఒంట్లో విరిగి మరో మత్తు పదార్థంగా మారి, ఇంకా ఎక్కువ రోజులు నిలుస్తుంది. పసిబిడ్డ కాలేయానికి ఇంకా పని అలవాటు కాలేదు కనుక ఈ గడువు మరింత పెరుగుతుంది. నిన్నటిది పోకముందే ఇవాళ్టిది వచ్చి చేరుతుంది. చుక్కచుక్కగా కుండ నిండుతుంది. 1972లో లాన్సెట్ పత్రిక ఇలాంటి సంగతే ప్రచురించింది. తల్లి రోజుకు 30 మిల్లీగ్రాముల చొప్పున మూడు రోజులు డయాజెపామ్ వాడితే, పాలు తాగిన బిడ్డ మగతగా పడి ఉండి బరువు తగ్గింది.

‘పాలు పిండి పారబోస్తే మందు పోతుంది కదా’ అని కొందరు అంటారు. పోదు. పాలు మందును దాచుకునే గిన్నె కాదు. తల్లి రక్తంలో మందు తగ్గేకొద్దీ పాలలోంచీ వెనక్కి వెళ్లిపోతుంది. అందుకే త్వరగా తగ్గే మందైతే బిడ్డకు పాలిచ్చాక మాత్ర వేసుకోమంటారు. డయాజెపామ్ లాంటివాటికి ఈ వేళల కిటుకు పెద్దగా పనిచేయదు.

గర్భంలో ఉన్నప్పుడు సంగతి వేరు. అక్కడ చుక్కల లెక్క ఉండదు. డయాజెపామ్ నిమిషాల్లో మాయను దాటుతుంది. బొడ్డుతాడు రక్తంలో మందు మోతాదు తల్లి రక్తంలో ఉన్నంతా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువా ఉంటుంది. కాన్పు ముందు పెద్ద మోతాదులో ఇస్తే బిడ్డ ఒళ్లు చచ్చుగా వేలాడుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది, ఒళ్లు చల్లబడుతుంది, పాలు సరిగా చీకదు. నెలల తరబడి వాడిన తల్లుల బిడ్డల్లో, పుట్టాక మందు అందక వణుకు, ఆగని ఏడుపు కనిపించవచ్చు. తొలి నెలల్లో వాడితే గ్రహణపు పెదవి వస్తుందని 1970లలో కొన్ని అధ్యయనాలు భయపెట్టాయి. తర్వాత జరిగిన పెద్ద అధ్యయనాలను బట్టి ఆ ముప్పు ఒకవేళ ఉన్నా చాలా స్వల్పమే. అలాగని కడుపుతో ఉన్నానని తెలియగానే రోజూ వేసుకునే మాత్రను ఒక్కసారిగా ఆపెయ్యకూడదు. తల్లికి ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

ఇంట్లో కనిపెట్టాల్సింది బిడ్డ తీరునే. పాలవేళకు లేవకపోవడం, రెండు గుక్కలు చీకి నిద్రలోకి జారుకోవడం, చెయ్యి ఎత్తి వదిలితే గుడ్డపీలికలా పడిపోవడం, అయిదో రోజు దాటాక కూడా రోజుకు ఆరుసార్లకన్నా తక్కువగా ఉచ్చ పోయడం గమనిస్తే అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, పెదాలు నీలిగా మారినా క్షణం ఆలస్యం కూడదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలోనూ, తల్లి ట్రమడాల్, కోడీన్ లాంటి నొప్పి మందులో, మత్తునిచ్చే దగ్గు సిరప్పో కలిపి వాడుతున్నప్పుడూ రెట్టింపు జాగ్రత్త కావాలి. పాలిచ్చే తల్లులు ట్రమడాల్, కోడీన్ వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది.

పాలతో సంబంధం లేని ప్రమాదం ఇంకొకటి ఉంది. మాత్ర వేసుకున్న తల్లి పక్క మీద ఒత్తిగిల్లితే కింద బిడ్డ ఉందన్న సంగతి ఆమెకు తెలియకపోవచ్చు. ఆ రాత్రులు బిడ్డను ఉయ్యాల్లోనో, విడి పక్క మీదో పడుకోబెట్టి, పాలవేళకు అమ్మమ్మో నానమ్మో ఎత్తి అందించి, తాగాక మళ్లీ తీసుకెళ్లాలి. పాలు మాన్పించమన్న ఆ పెద్దవాళ్ల సాయం నిజంగా కావాల్సింది ఇక్కడే.